నీలినక్క ఎవరు? అన్యాపదేశ కథల్లో జంతువులు, సామాజిక వర్గాలు

(కుప్పంలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు పాఠం)

ఒక కథ పైకి ఒక సంగతిని చెబుతూ, దానికి ఆద్యంతం సమాంతరంగా నడిచే మరొక సంగతిని పాఠకుడికి స్ఫురింపజేస్తే, ఆ రచనా విధానాన్ని అన్యాపదేశం అంటారు. మన ఆలంకారికులు దీనికి దగ్గరగా అప్రస్తుతప్రశంస అనే అలంకారాన్ని చెప్పారు. చెప్పదలచుకున్న విషయం ప్రస్తుతం, దాన్ని స్ఫురింపజేయడానికి వర్ణించే వేరొక విషయం అప్రస్తుతం అని వారి విభజన. ఒక పద్యంలో ఒక్క చోట మెరిసే పోలికను ఉపమ అనో రూపకం అనో అంటే సరిపోతుంది. ఒక వస్తువు కథలో పలుమార్లు కనిపిస్తూ ఒక భావాన్ని మోస్తే అది ప్రతీక అవుతుంది. అన్యాపదేశం ఈ రెండింటికంటే పెద్ద కట్టడం. అందులో పాత్రలు, వాటి మధ్య సంబంధాలు, సంఘటనల వరస అన్నీ కలిసి రెండో అర్థానికి దారి తీయాలి.

కొన్ని రచనలు ఆ రెండో అర్థాన్ని పాత్రల పేర్లలోనే పెడతాయి. పదకొండో శతాబ్దంలో కృష్ణమిశ్రుడు రచించిన ప్రబోధచంద్రోదయ నాటకాన్ని నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు తెలుగు కావ్యంగా మలిచారు. అందులో వివేకుడు, మోహుడు రాజులై యుద్ధం చేస్తారు కాబట్టి, ఆ యుద్ధం మనిషి మనసులో జరుగుతున్నదని వేరే నిరూపించనవసరం లేదు. జంతుకథల్లో ఆ సౌకర్యం లేదు. సింహం సింహంగానే, నక్క నక్కగానే కథలోకి వస్తాయి. ఈ నక్క ఫలానా వర్గానికి నిలుస్తున్నదని ఎవరైనా అన్నప్పుడు, ఆ మాట పాఠకుడు తెచ్చిన ప్రతిపాదనే తప్ప కథ ఇచ్చిన వాంగ్మూలం కాదు. అందుచేత దానికి ఆధారం చూపవలసిన బాధ్యత ప్రతిపాదించినవారిదే.

ఆ ఆధారం చూపడంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. నక్క జిత్తులమారి, దళారీ కూడా జిత్తులమారి, కాబట్టి నక్క అంటే దళారీ అని ముడిపెట్టేస్తారు. ఒక గుణంలో పోలిక చూపి ఊరుకుంటే దేన్నైనా దేనికైనా ప్రతినిధిని చేయవచ్చు, ఎందుకంటే జిత్తులు దళారీకి ఎంత ఉన్నాయో మంత్రికీ, వకీలుకూ, అల్లుడికీ అంత ఉండవచ్చు. జంతువు ఒక సామాజిక వర్గానికి నిలుస్తుందని వాదించాలంటే గుణాన్ని కాక సంబంధాన్ని పట్టుకోవాలి. ఎవరు ఎవరి కింద బతుకుతున్నారు, ఎవరి తిండి ఎవరి చేతిలో ఉంది, ఎవరిని ఎవరు బయటికి నెట్టారు, ఆ నెట్టివేతతో ఎవరికి ఏం ఒరిగింది అని అడగాలి. కథలోని సంబంధాల అల్లిక, సమాజంలోని సంబంధాల అల్లికతో పలుచోట్ల కలిస్తేనే వాదానికి బలం వస్తుంది.

ఈ పద్ధతిని పరీక్షించడానికి పంచతంత్రంలోని నీలినక్క కథకంటే అనువైనది దొరకడం కష్టం. ఆకలితో ఊళ్లోకి వచ్చిన చండరవుడనే నక్క కుక్కలు తరమగా పారిపోయి నీలిమందు తొట్టిలో పడుతుంది. ఒళ్లంతా నీలమై అడవికి తిరిగి వచ్చిన దాన్ని గుర్తుపట్టలేక మృగాలన్నీ బెదిరిపోతాయి. అప్పుడది తనను దేవుడే అడవికి రాజుగా పంపాడని, తన పేరు కకుద్ద్రుముడని చెప్పి, సింహానికి మంత్రి పదవి, పులికి పడకగది కాపలా, చిరుతకు తాంబూలపు పెట్టె అప్పగిస్తుంది. తనవారైన నక్కలను మాత్రం మెడపట్టి గెంటిస్తుంది. సింహాలూ పులులూ వేటాడి తెచ్చిన మాంసాన్ని అందరికీ పంచుతూ కొంతకాలం రాజ్యం చేస్తుంది. ఒకనాడు దూరంగా నక్కల గుంపు కూత వినబడగానే ఒళ్లు పులకరించి, కన్నీళ్లు కమ్మి, లేచి నిలబడి గొంతెత్తి ఊళ వేస్తుంది. ఇన్నాళ్లూ ఒక నక్క తమ చేత ఊడిగం చేయించుకున్నదని సిగ్గుపడిన మృగాలు దాన్ని చంపేస్తాయి.

ఈ కథకు వాడుకలో ఉన్న వివరణ ఒకటి ఉంది. నక్క తక్కువ పుట్టుక పుట్టినవాడికి గుర్తు, నీలిరంగు అరువు తెచ్చుకున్న హోదాకు గుర్తు, ఊళ దాచినా దాగని పుట్టుకకు గుర్తు, కాబట్టి ఇది కులం దాటబోయినవాడికి పట్టే గతిని చెప్పే కథ అని ఆ వివరణ. వినగానే సరిపోయినట్టు ఉంటుంది. అలా వెంటనే సరిపోయినట్టు తోచేదాన్నే ఎక్కువ జాగ్రత్తగా పరీక్షించాలి.

మొదట ఈ వివరణకు అనుకూలించేవి చూడాలి. కథలో మనుషుల కొలువు ముందే ఉంది. చిరుతకు తాంబూలంతో ఏం పని? పులికి పడకగది ఎందుకు? జంతువు సహజ జీవితంలో ఇమడని ఇలాంటి వివరాలను మిగులు వివరాలు అనవచ్చు. జంతువు గురించి మాత్రమే చెబితే అక్కరలేని ఈ వివరాలు కథలో మిగిలిపోయి, మనుషుల లోకాన్ని చూపిస్తాయి. అన్యాపదేశ వాదానికి ఇవి మొదటి మెట్టు. సింహాలు వేటాడి తెస్తే నక్క పంచిపెట్టడం రెండో మెట్టు, ఎందుకంటే బలం ఒకరిదీ పంపకం మరొకరిదీ కావడం అడవి ఏర్పాటు కాదు, అది రాజ్యాంగపు ఏర్పాటు. గెంటివేత మూడోది. పదవిలోకి వచ్చినవాడు తన మూలం తెలిసినవారిని దూరం పెట్టడం ఏ సమాజంలోనైనా కనిపించే నడవడి. ఇంతవరకు కథ మనుషుల గురించేనని చెప్పడానికి ఆధారం పుష్కలంగా ఉంది. అయితే ఏ మనుషుల గురించి అన్నది ఇంకా తేలలేదు.

దాన్ని తేల్చడానికి కథ ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో చెబుతున్నారో చూడాలి. పంచతంత్రంలో కథలు ఒకదానిలో ఒకటి పొదిగి ఉంటాయి. లోపలి కథను చెప్పే పాత్రకు తన స్వార్థం తనకుంటుంది. నీలినక్క కథను మిత్రభేదంలో చెప్పేది దమనకుడు, వినేది పింగళకుడనే సింహరాజు. దమనకుడూ నక్కే. అతడూ కరటకుడూ మంత్రి కొడుకులైనా అధికారం పోగొట్టుకుని, రాజు వెంట తిరుగుతూ, రాజు తినగా మిగిలిన మాంసంతో బతుకుతున్నారు. వర్ధమానుడనే వర్తకుడు దారిలో వదిలేసిన సంజీవకుడనే ఎద్దు రాజుకు ఆప్తుడైంది. గడ్డి తినేవాడి మాటల్లో పడి రాజు వేట మానేశాడు. వేట లేకపోతే మిగులు మాంసం లేదు, మిగులు లేకపోతే నక్కలకు కూడు లేదు. ఆ పరిస్థితిలో దమనకుడు రాజుతో, తనవారిని విడిచి పరాయివారిని దగ్గర చేసుకున్నవాడు కకుద్ద్రుముడిలా చస్తాడని చెబుతున్నాడు.

ఇక్కడ వాడుక వివరణ తలకిందులవుతుంది. దమనకుడి ఉద్దేశంలో నీలినక్క కింది నుంచి పైకెక్కినవాడు కాడు. సింహాసనం మీద కూర్చుని సొంతవారిని మరిచిన పాలకుడు, అంటే ఎదురుగా వింటున్న పింగళకుడే. గెంటివేతకు గురైన నక్కలు తరతరాలుగా కొలువులో ఉండి ఇప్పుడు పక్కకు తప్పించబడిన ఉద్యోగి కుటుంబాలు, అంటే దమనకుడూ కరటకుడూ. కొత్తగా దగ్గరైన మృగాలు బయటినుంచి వచ్చి రాజు చెవిని ఆక్రమించినవారు, అంటే సంజీవకుడు. ఆంతరులు, బాహ్యులు అనే ఈ విభజన కొలువు రాజకీయానికి చెందినది. దమనకుడు ఈ కథను నీతిగా చెప్పడం లేదు, పోయిన కూటి కోసం ఆయుధంగా వాడుతున్నాడు. అతడి మాట నమ్మిన రాజు చివరికి ఏ తప్పూ చేయని స్నేహితుడిని చంపుకున్నాడు. నీలినక్క కథను సూక్తిలా విడదీసి చదివేవారికి ఈ విషాదం కనబడదు. మిత్రభేదం మొత్తంలో బాధ కలిగించే సంగతి ఇదేనని గట్టిగా చెప్పవలసి ఉంది.

నక్కలు అంటే అధికారం మీద ఆధారపడి బతికే కొలువు ఉద్యోగులు అన్న ప్రతిపాదనకు గ్రంథం బయట కూడా తోడు దొరుకుతుంది. కుప్పానికి పడమటి పొరుగున ఉన్న కన్నడంలో పంచతంత్రాన్ని పదకొండో శతాబ్దపు తొలి భాగంలో చంపువుగా రచించిన దుర్గసింహుడు చాళుక్య చక్రవర్తి జగదేకమల్ల జయసింహుడి కొలువులో సంధివిగ్రాహి, అంటే పొరుగు రాజ్యాలతో పొత్తులూ పోరాటాలూ చూసే అధికారి. అలాంటి ఉద్యోగి ఈ కథలను తన భాషలోకి తెచ్చుకోదగినవిగా భావించడం, కొలువు మనుషులు వీటిని తమ కథలుగా చదువుకున్నారనడానికి సాక్ష్యం. ఇది మూల కథకుడి ఉద్దేశానికి సాక్ష్యం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. రచయిత ఏం తలచాడు, పాఠం దేనికి చోటిస్తుంది, పాఠకులు దాన్ని ఎలా వాడుకున్నారు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి దొరికిన ఆధారాన్ని మరొకదానికి చూపిస్తే వాదం చెడిపోతుంది.

రచయిత ఉద్దేశానికి సూటి ఆధారం దొరికే సందర్భాలు అరుదు. బీహార్‌లోని మోతిహారిలో 1903లో పుట్టిన జార్జ్ ఆర్వెల్, 1945లో వెలువడిన యానిమల్ ఫామ్‌లో తిరుగుబాటు చేసిన పశువుల మీద పందులు దొరలైన కథ రాసి, 1947లో ఉక్రేనియన్ అనువాదానికి ఇచ్చిన ముందుమాటలో సోవియట్ వ్యవస్థ గురించి తన ఆలోచనలను తానే చెప్పుకున్నాడు. ఆ ముందుమాట లేకపోయినా వాదం నిలుస్తుంది. విప్లవం, ఇద్దరు నాయకుల పోటీ, ఒకరి బహిష్కారం, రహస్యంగా పెంచిన కుక్కలతో బెదిరింపు, గోడ మీది శాసనాలను రాత్రికి రాత్రి మార్చడం అనే సంఘటనలు అదే వరసలో చరిత్రలోని సంఘటనలతో కలుస్తాయి. వరస కలిసినప్పుడు అది యాదృచ్ఛికం అనడం కష్టం. పంచతంత్రానికి అటువంటి ముందుమాట లేదు, ఒక ప్రత్యేక కాలపు సంఘటనల వరసతోనూ అది కలవదు. అందువల్ల నీలినక్క ఫలానా రాజు అనకూడదు. ఫలానా రకం సంబంధానికి రూపం అనేంతవరకే వెళ్లవచ్చు.

ఒకే కథకు రెండు పాఠాలు దొరికినప్పుడు వాటి తేడా విమర్శకుడికి పెద్ద సంపద. నారాయణ పండితుడి హితోపదేశంలోనూ నీలినక్క ఉంది. అక్కడ నక్క కూత ఊరికే వినబడదు. అవమానం పొందిన నక్కల్లో ఒక ముసలి నక్క ఉపాయం ఆలోచించి, సాయంత్రం వేళ అందరూ ఒక్కసారిగా కూతపెట్టండి, స్వభావం కొద్దీ అదీ కూస్తుంది, అప్పుడు పులికి తెలిసిపోతుంది అని చెబుతుంది. కథ చెప్పే సందర్భమూ మారింది. విగ్రహ తంత్రంలో, అంటే యుద్ధాన్ని గురించిన భాగంలో, హంసరాజు కోటలోకి రాదలచిన పరపక్షపు కాకిని నమ్మవద్దని మంత్రి చక్రవాకం ఈ కథ చెబుతుంది. పంచతంత్రంలో నక్కను చంపింది తనవారి గొంతు విన్న ఆనందం. హితోపదేశంలో చంపింది తనవారు పన్నిన ప్రతీకారం. మొదటిదాంట్లో బహిష్కృతులు కథలో నోరులేని గుంపు మాత్రమే. రెండోదాంట్లో వారికి ఆలోచన ఉంది, కోపం ఉంది, నాయకత్వం ఉంది. సామాజిక వర్గం అనే మాటకు నిండు అర్థం వచ్చేది ఈ రెండో పాఠంలోనే, ఎందుకంటే వర్గం అంటే ఒకే రకం ప్రాణులు కొన్ని ఒకచోట ఉండటం కాదు, తమకు ఉమ్మడిగా జరిగినదాన్ని గుర్తించి ఉమ్మడిగా కదిలేవారు.

ఇప్పుడు పుట్టుక సంగతికి తిరిగి రావాలి. కొలువు వివరణ బలమైనదని తేలినంత మాత్రాన కులం వివరణ పూర్తిగా కొట్టుకుపోదు. కథను కదిలించే యంత్రం స్వభావం మారదన్న నమ్మకమే. రంగు మారినా గొంతు మారలేదు. ఈ నమ్మకం పంచతంత్రంలో మరోచోట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఒక ముని ఆడ ఎలుకపిల్లను ఆడపిల్లగా మార్చి పెంచి, సూర్యుడు, మేఘం, గాలి, కొండ అని వరసగా వరులను చూపితే, ఆమె చివరికి ఎలుకనే కోరి మళ్లీ ఎలుకగా మారుతుంది. పుట్టుకే చివరికి గెలుస్తుందన్న ఆలోచన ఒకటికి రెండు కథల్లో కనిపిస్తున్నది కాబట్టి, అది గ్రంథం నడిచిన సమాజపు ఊహల్లో ఉన్నదని చెప్పవచ్చు. ఇలా చెప్పేటప్పుడు మాట తీరు మారిందని గమనించాలి. నక్క ఫలానా కులానికి గుర్తు అనడం సంకేతాన్ని విప్పడం. జాతి మారదన్న ఊహ మీద ఈ కథ నిలబడింది, ఆ ఊహే కులవ్యవస్థకూ ఊతం అనడం కథ పునాదిని చూపించడం. రెండోదాన్ని నిరూపించవచ్చు, మొదటిదాన్ని ఈ పాఠంలో నిరూపించడానికి ఆధారం చాలదు.

పునాదిని చూపించే వాదమైనా వ్యతిరేక సాక్ష్యాన్ని దాచకూడదు. అదే గ్రంథంలో కాకి, ఎలుక, తాబేలు, లేడి స్నేహితులైన కథ ఉంది. కాకికి ఎలుక ఆహారం. స్నేహం కోరి వచ్చిన లఘుపతనకుడితో హిరణ్యకుడు సరిగ్గా ఆ మాటే అని, తినేవాడికీ తినబడేవాడికీ స్నేహం ఎలా కుదురుతుందని అడుగుతాడు. ఎంతో వాదం జరిగాక కుదురుతుంది, ఆ స్నేహమే అందరినీ కాపాడుతుంది. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో ఈ కథ ఉన్న మిత్రలాభమే ముందు వస్తుంది, మిత్రభేదం ఆ తరువాత వస్తుంది. సంధి, విగ్రహ భాగాలను తరువాత కందుకూరి వీరేశలింగం పంతులు తెనిగించారు. సూరి వరసలో చదివినవారికి మొదట తగిలేది పుట్టుకతో వచ్చిన వైరాన్ని దాటిన కథ. అందుచేత పంచతంత్రమంతా పుట్టుక మారదని బోధిస్తుందన్న మాట నిలవదు. ఆ ప్రశ్న మీద గ్రంథం తనతో తానే వాదించుకుంటున్నదనడం న్యాయం.

జంతువుల ద్వారా సమాజాన్ని చెప్పడంలోనే ఒక ప్రమాదం ఉంది, దాన్ని విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదు. పులికీ లేడికీ మధ్య తేడా ప్రకృతి పెట్టింది. భూస్వామికీ కౌలురైతుకూ మధ్య తేడా మనుషులు పెట్టింది, దానికి పట్టాలూ పద్దులూ సాక్ష్యం. రెండో తేడాను మొదటి తేడాగా చిత్రించినప్పుడు, దోపిడీ ఆకలంత సహజమైనదిగా కనబడుతుంది, పులిని తప్పుపట్టలేనట్టే దొరనూ తప్పుపట్టలేమన్న భావం చదివేవారికి తెలియకుండానే కలుగుతుంది. కాబట్టి ఏ జంతువు ఏ వర్గమో చెప్పి ఆగిపోకుండా, వర్గాన్ని జంతుజాతిగా మార్చడం వల్ల ఏ నిజం మరుగున పడిందో కూడా చెప్పడం విమర్శకుడి పని.

ఈ ప్రమాదాన్ని ఎరిగి దారి మార్చిన తెలుగు కావ్యం గుర్రం జాషువా గబ్బిలం. 1941లో వచ్చిన ఆ కావ్యంలో అంటరానివాడిగా వెలివేయబడిన కథానాయకుడు తన గోడును శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం దళితుడికి గుర్తు అని పాఠశాల వ్యాసాల్లో రాయడం కద్దు, ఇద్దరినీ లోకం ఈసడిస్తుంది కాబట్టి ఆ పోలిక కొంత నిజమే. అయితే వెలివేయబడిన మనిషి తన పేదరికంతో, తన గుడిసెతో, తన నోటి మాటతో కావ్యంలో ఎదురుగా ఉన్నప్పుడు, అతడి బదులుగా మరొకరు నిలబడవలసిన అవసరం ఏముంది? గబ్బిలం గుడిలోకి వెళ్లగలదు, ఆ మనిషి వెళ్లలేడు. కావ్యానికి ప్రాణం ఈ తేడాలో ఉంది. గబ్బిలానికి ఉన్న చోటు మనిషికి లేదన్న అభియోగం, ఇద్దరినీ ఒకటి చేసిన మరుక్షణం మాయమైపోతుంది. ఒక వర్గం కథలో స్వయంగా ఉన్నప్పుడు, పక్కనున్న జంతువు ఆ వర్గానికి ప్రతినిధి అనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

చిత్తూరు సీమ సాహిత్యం ఈ విచక్షణను ఇంకా గట్టిగా కోరుతుంది. డాక్టర్ కేశవరెడ్డి నవల అతడు అడవిని జయించాడులో పందులు మేపుకునే ముసలివాడు అడవిలోకి పోయిన సుక్కపంది కోసం వెతుకుతాడు. అక్కడ పంది అతడి బతుకుతెరువు, నక్కలు నిజంగానే నక్కలు. ఆ వెతుకులాటను మనిషికీ ప్రకృతికీ పోరుగా చదవవచ్చు గానీ, పందిని ఒక కులంగా చదివితే నవలలోని మనిషి కష్టం ఆవిరైపోతుంది. అలాగే 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రాగి చేనునో అరటి తోటనో ఏనుగుల మంద తొక్కిన కథను ఈ ప్రాంతపు రచయిత రాస్తే, ఆ ఏనుగును వెంటనే ప్రభుత్వమనో పెట్టుబడి అనో అనడం ఆ రైతుకు అన్యాయం. ఏనుగుకు కథలో మనుషుల ఉద్యోగమో, మాటో, హోదానో ఉందా, మిగులు వివరం ఒక్కటైనా ఉందా అని ముందు చూడాలి. లేకపోతే ఏనుగును ఏనుగుగానే ఉండనివ్వాలి.

అచ్చుకెక్కని నోటి కథల విషయంలో పని ఇంకా సున్నితమైనది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే కుప్పం పల్లెల్లో నక్క కథలను సేకరించే విద్యార్థి, కథనొక్కటే రాసుకుని వచ్చేస్తే, దమనకుడిని తీసేసి నీలినక్కను మాత్రమే తెచ్చినట్టు అవుతుంది. చెప్పినవారు ఏ పని చేసుకుని బతికేవారు, విన్నవారు ఎవరు, ఏ తగాదా సందర్భంలోనో ఏ పనివేళలోనో ఆ కథ వచ్చింది, విన్నవారిలో ఎవరు నవ్వారు, ఎవరు నవ్వలేదు అన్నవి కథతో పాటే నమోదు కావాలి. అదే నక్క కథను ఆసామి ఇంటి అరుగు మీద ఒకరు, కూలి గుంపులో మరొకరు చెప్పినప్పుడు ముగింపు మారిందా, నక్క చచ్చిందా తప్పించుకుందా, పులి మోసపోయిందా అన్న తేడాలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. చెప్పిన వర్గాన్ని బట్టి ముగింపు క్రమంగా మారుతున్నదని పలు సేకరణల్లో కనబడితే, ఆ నక్క ఎవరికి నిలుస్తున్నదో చెప్పడానికి పాఠం లోపలి సాక్ష్యానికి వాడుక సాక్ష్యం తోడవుతుంది. మార్పు కనబడకపోతే ఆ ఫలితాన్ని కూడా అంతే నిజాయితీగా ప్రకటించాలి.